అసలు తిరిగొచ్చిన తర్వాతి ఏళ్ల లెక్క

ఒక పనిలో పెట్టిన డబ్బు, ఆ పని తెచ్చే రాబడితోనే పూర్తిగా తిరిగి చేతికి రావడానికి పట్టే కాలాన్ని పేబ్యాక్ పీరియడ్ అంటారు. పది లక్షలు పెట్టి కొన్న యంత్రం ఏటా రెండున్నర లక్షలు మిగిలిస్తే దాని పేబ్యాక్ నాలుగేళ్లు. రాబడి ఏటా ఒకేలా ఉంటే పెట్టుబడిని ఏడాది రాబడితో భాగిస్తే సరిపోతుంది. ఏడాదికో రకంగా ఉంటే మొదటి ఏడు నుంచి కూడుకుంటూ వెళ్లి, మొత్తం పెట్టుబడితో ఎప్పుడు సమానమవుతుందో చూడాలి. పెద్ద కంపెనీల్లో దీనికి సాధారణంగా ఒక గడువు కూడా పెట్టుకుంటారు. మూడేళ్లలోపు అసలు తిరిగొస్తే పని మొదలుపెట్టడం, రాకపోతే వదిలేయడం. రెండు పనుల్లో ఒకటే ఎంచుకోవాల్సి వస్తే, అసలు ముందుగా తిరిగిచ్చేదాన్ని తీసుకోవడం.

ఆర్థికశాస్త్ర పాఠ్యపుస్తకాలు ఈ పద్ధతిని దశాబ్దాలుగా తప్పుబడుతూనే ఉన్నాయి. అయినా వాడకం తగ్గలేదు. జాన్ గ్రాహం, కాంప్‌బెల్ హార్వీ అనే ఇద్దరు ఆచార్యులు అమెరికా, కెనడాల్లోని 392 మంది ఫైనాన్స్ అధికారులను అడిగి 2001లో ఒక సర్వే ప్రచురించారు. ప్రాజెక్టులను తూచేటప్పుడు పేబ్యాక్‌ను ఎప్పుడూ, లేదా దాదాపు ఎప్పుడూ చూస్తామన్నవారు అందులో సగానికి పైగా, సుమారు 57 శాతం ఉన్నారు. పెద్ద కంపెనీలు ఇతర పద్ధతుల వైపు ఎక్కువ మొగ్గాయి. చిన్న కంపెనీలు మాత్రం పేబ్యాక్‌ను మిగతా పద్ధతులతో దాదాపు సమానంగా వాడుతున్నాయని తేలింది. ఈ ఆదరణకు కారణం ఊహించడం కష్టం కాదు. పేబ్యాక్ చెప్పే జవాబు ‘ఇన్నేళ్లు’ అనే ఒక్క సంఖ్య. దాన్ని అర్థం చేసుకోవడానికి ఏ శిక్షణా అక్కర్లేదు.

చిక్కంతా ఆ సంఖ్యను ఏ ప్రశ్నకు జవాబుగా వాడుతున్నామన్న దగ్గర వస్తుంది. పేబ్యాక్ చెప్పేది అసలు ఎప్పుడు తిరిగొస్తుందన్నది. ఆ పని మొత్తం మీద ఎంత ఇస్తుందన్నది అది చెప్పదు. రెండు ప్రశ్నలూ ఒకటే అనుకున్నప్పుడు ఎంపిక ఎంత దూరం తప్పుతుందో చూడటానికి ఒక రైస్ మిల్లు లెక్క తీసుకుందాం. అంకెలు ఉదాహరణకు వేసుకున్నవే, కానీ ఆ వ్యాపారంలో ఎదురయ్యే స్థాయివే.

గోదావరి డెల్టాలోని ఒక మధ్య తరహా మిల్లు ఏటా 40,000 క్వింటాళ్ల బియ్యం ఆడుతుందనుకుందాం. యజమాని దగ్గర, బ్యాంకు అప్పుతో కలిపి, 60 లక్షలు పెట్టే వీలుంది. ముందున్న దారులు రెండు. మొదటిది కలర్ సార్టర్, మిల్లుల్లో సార్టెక్స్ మిషన్ అనే యంత్రం. జారుతున్న బియ్యాన్ని కెమెరాలతో చూస్తూ, రంగు మారిన గింజ కనబడగానే గాలి ఊది పక్కకు తోసేస్తుంది. దాన్నుంచి వచ్చిన బియ్యానికి ధర ఎక్కువ పలుకుతుంది. రెండోది మిల్లు షెడ్డు కప్పు మీద సుమారు 130 కిలోవాట్ల సోలార్ ప్లాంటు. దేనికైనా ఖర్చు 60 లక్షలే.

సార్టెక్స్ మిషన్ మొదటి ఏడాది క్వింటాలుకు, కరెంటు, కంప్రెసర్ ఖర్చులు పోను, 60 రూపాయలు అదనంగా తెస్తుందనుకుందాం. అంటే 24 లక్షలు. చుట్టుపక్కల మిల్లులు కూడా ఒక్కొక్కటే అదే యంత్రం పెట్టుకుంటాయి. అందరి బియ్యమూ ఒకేలా తెల్లగా మెరిసేసరికి ఆ అదనపు ధర కరిగిపోతుంది. రెండో ఏడు క్వింటాలుకు 55 రూపాయలు, మూడో ఏడు 45, నాలుగో ఏడు 25, ఐదో ఏడు 10. రాబడి వరసగా 24, 22, 18, 10, 4 లక్షలు. ఐదేళ్ల తర్వాత కొత్త తరం యంత్రాలు వచ్చి దీనికి చెప్పుకోదగ్గ ధర కూడా రాదనుకుందాం.

సోలార్ ప్లాంటు ఏటా సుమారు 1,85,000 యూనిట్లు ఇస్తుంది. యూనిట్ ఏడు రూపాయల లెక్కన ఆదా దాదాపు 13 లక్షలు. పలకలు కడిగించడం, చిన్నాచితకా మరమ్మతులు తీసేస్తే 12 లక్షలు మిగులుతాయి. ఇలాంటి పలకలకు తయారీదారులు సాధారణంగా 25 ఏళ్ల ఉత్పత్తి హామీ ఇస్తారు. ఏటా ఉత్పత్తి కొద్దికొద్దిగా తగ్గుతుంది, కరెంటు చార్జీలు కొద్దికొద్దిగా పెరుగుతాయి. ఈ రెండూ ఒకదాన్నొకటి సరిపెట్టుకుంటాయనుకుని 25 ఏళ్లూ ఏటా 12 లక్షలే అని లెక్క వేద్దాం. ఇన్వర్టర్ అన్నేళ్లు రాదు కాబట్టి పన్నెండో ఏడాది దాన్ని మార్చడానికి ఐదు లక్షలు పక్కన రాసుకోవాలి.

ఇక్కడే ఒక జాగ్రత్త అవసరం. ఈ లెక్కల్లో రాబడి అంటే నిజంగా చేతికొచ్చే, లేదా చేతిలోంచి పోకుండా మిగిలే నగదు. ఖాతా పుస్తకాల్లో లాభం తేల్చేటప్పుడు యంత్రం తరుగుదలను తీసేస్తారు. పేబ్యాక్‌లో దాన్ని తీయకూడదు. యంత్రం ఖర్చును 60 లక్షలుగా మొదటే లెక్కలోకి తీసుకున్నాం, తరుగుదల పేరుతో మళ్లీ తీస్తే అదే ఖర్చును రెండుసార్లు రాసినట్టవుతుంది. అప్పు మీద వడ్డీని కూడా ఏటి రాబడిలోంచి తీయరు. దాని సంగతి డిస్కౌంట్ రేటు చూసుకుంటుంది. ఆదాయపు పన్ను నిజమైన నగదు ఖర్చే. అసలు లెక్కలో దాన్ని తప్పక చేర్చాలి. ఇక్కడ విషయం తేలిగ్గా కనబడటానికి మాత్రమే పక్కన పెట్టాం.

ఇప్పుడు పేబ్యాక్ చూద్దాం. సార్టెక్స్ మిషన్ రెండేళ్లలో 46 లక్షలు తిరిగిస్తుంది. మిగిలిన 14 లక్షలు మూడో ఏడాది వచ్చే 18 లక్షల్లోంచి రావాలి. రాబడి ఏడాదంతా సమంగా వస్తుందనుకుంటే దానికి తొమ్మిది నెలలకు పైగా పడుతుంది. అంటే పేబ్యాక్ రెండేళ్ల తొమ్మిది నెలలు. సోలార్‌కు 60ని 12తో భాగిస్తే సరిగ్గా ఐదేళ్లు. మూడేళ్ల గడువు పెట్టుకున్న మిల్లు సార్టెక్స్‌ను కొంటుంది, సోలార్‌ను పక్కన పెడుతుంది. గడువు లేకపోయినా, అసలు ముందు ఇచ్చేదే మేలనుకుంటే తీర్పు అదే.

ఈ తీర్పు మీద సాధారణంగా వచ్చే మొదటి అభ్యంతరం కాలం విలువ గురించినది. ఈరోజు చేతిలో ఉన్న లక్ష, మూడేళ్ల తర్వాత వచ్చే లక్ష ఒకటి కావు. మామూలు పేబ్యాక్ రెంటినీ ఒకే విలువ కట్టి కూడేస్తుంది. ఈ లోపాన్ని సరిదిద్దడానికి పుట్టినదే డిస్కౌంటెడ్ పేబ్యాక్. ఇందులో ప్రతి ఏటి రాబడినీ ముందు నేటి విలువలోకి మార్చి, ఆ తర్వాతే కూడతారు. మిల్లుకు డబ్బు 12 శాతం వడ్డీకి దొరుకుతుందనుకుంటే, నేటి ఒక రూపాయి వచ్చే ఏటికి రూపాయి పన్నెండు పైసలు. కాబట్టి ఏడాది తర్వాత వచ్చే లక్ష నేటి లెక్కలో 89,286 రూపాయలే. ప్రతి ఏటికీ ఒకసారి 1.12తో భాగించుకుంటూ పోతే ఐదేళ్ల తర్వాతి లక్ష 56,743 రూపాయలకు దిగుతుంది.

సార్టెక్స్ రాబడులను ఇలా మార్చితే 24 లక్షలు 21.43 అవుతుంది, 22 లక్షలు 17.54, 18 లక్షలు 12.81, 10 లక్షలు 6.36, 4 లక్షలు 2.27. వరసగా కూడితే నాలుగేళ్లకు 58.14 లక్షలు, ఐదేళ్లకు 60.41 లక్షలు. అసలు 60 లక్షలు దాటేది ఐదో ఏడాది చివరలో, సుమారు నాలుగేళ్ల పది నెలలకు. రెండేళ్ల తొమ్మిది నెలలు కాస్తా వడ్డీ కలిపేసరికి ఇంతయింది. సోలార్‌కు ఎనిమిదేళ్లలో 59.61 లక్షలు వస్తాయి. తొమ్మిదో ఏడాది వచ్చే 12 లక్షల నేటి విలువ 4.33 లక్షలు. కాబట్టి డిస్కౌంటెడ్ పేబ్యాక్ ఎనిమిదేళ్ల ఒక నెల.

పద్ధతి మెరుగైంది, వడ్డీ లెక్కలోకి వచ్చింది. అయినా తీర్పు మారలేదు. నాలుగేళ్ల పది నెలలు, ఎనిమిదేళ్ల ఒక నెల కన్నా తక్కువ కాబట్టి డిస్కౌంటెడ్ పేబ్యాక్ కూడా సార్టెక్స్‌కే ఓటేస్తుంది. చాలామంది డిస్కౌంట్ చేశాం కనుక లెక్క ఇక సరైనదే అనుకుని ఇక్కడితో ఆగిపోతారు.

ఆగకుండా చివరి దాకా కూడితే ఏమవుతుందో చూద్దాం. సార్టెక్స్ మొత్తం రాబడి నేటి విలువలో 60.41 లక్షలు, పెట్టుబడి 60 లక్షలు. అంటే వడ్డీ పోను మిగిలేది కేవలం 41 వేల రూపాయలు. సోలార్ 25 ఏళ్ల రాబడి నేటి విలువలో 94.12 లక్షలు. పెట్టుబడి 60 లక్షలు, పన్నెండో ఏటి ఇన్వర్టర్ ఖర్చు నేటి విలువ 1.28 లక్షలు తీసేస్తే మిగిలేది 32.8 లక్షలకు పైగా. ఇలా మొత్తం కూడి పెట్టుబడి తీసేయగా మిగిలేదాన్ని నికర ప్రస్తుత విలువ అంటారు. రెండు పేబ్యాక్‌లూ గెలిపించిన యంత్రం వడ్డీకి సరిపోయేంత సంపాదించి ఆగింది. రెండూ ఓడించిన ప్లాంటు పెట్టుబడిలో సగానికి పైగా అదనంగా ఇస్తోంది. రెండిట్లో ఒకటే ఎంచుకోవాల్సిన చోట ఈ తేడా మిల్లుకు 32 లక్షల నష్టం.

ఇది జరిగేది ఎక్కడో స్పష్టంగా చెప్పుకోవాలి. మూడేళ్ల గడువు పెట్టడం అంటే మూడేళ్ల తర్వాత వచ్చే ప్రతి రూపాయి విలువా సున్నా అని ఒప్పుకోవడం. సోలార్ మొదటి మూడేళ్లలో ఇచ్చేది నేటి విలువలో 28.82 లక్షలు. మిగిలిన 65 లక్షల పైచిలుకు ఆ గడువుకు అవతల ఉంది. పేబ్యాక్ దాన్ని చూడనే చూడదు. దూరపు రాబడిని తక్కువగా విలువ కట్టాలనే కోరిక సబబే. కానీ ఆ పని డిస్కౌంట్ రేటు ఇప్పటికే చేస్తోంది. ఇరవై ఐదో ఏడాది వచ్చే 12 లక్షలకు 12 శాతం లెక్కన నేటి విలువ 71 వేల రూపాయలు మాత్రమే. కాలం దూరమైన కొద్దీ విలువ మెల్లమెల్లగా తగ్గాలి. ఒక తేదీ రాగానే ఉన్నపళంగా మాయం కావడానికి కారణం లేదు. డిస్కౌంటెడ్ పేబ్యాక్ గడువు లోపలి రాబడులను సరిగ్గా విలువ కడుతుంది. గడువు దాటినవాటిని మాత్రం మామూలు పేబ్యాక్ లాగే కత్తిరించేస్తుంది.

సార్టెక్స్ వైపు నుంచి ఒక న్యాయమైన వాదన ఉంది. అది ఐదేళ్ల యంత్రం, సోలార్ 25 ఏళ్లది. ఐదేళ్లకు చేతికొచ్చిన డబ్బుతో మళ్లీ కొత్త యంత్రం కొనవచ్చు, అలా ఐదుసార్లు తిప్పవచ్చు, కాబట్టి రెంటినీ నేరుగా పోల్చకూడదు. వాదన సరైనదే. దీనికి జవాబు మిగులును ఏటికింత అని పంచి చూడటం. 12 శాతం వడ్డీతో సార్టెక్స్ ఇచ్చే 41 వేలను ఐదేళ్లకు సర్దితే ఏటా సుమారు 11 వేలు. సోలార్ ఇచ్చే 32.8 లక్షలను 25 ఏళ్లకు సర్దితే ఏటా 4 లక్షల 19 వేలు. అదే రాబడి వరస మళ్లీ మళ్లీ వస్తుందనుకున్నా సార్టెక్స్ దరిదాపుల్లోకి రాలేదు. పైగా అందరి దగ్గరా యంత్రం ఉన్న కాలంలో కొన్న రెండో సార్టెక్స్, మొదటిదానిలా 24 లక్షలతో మొదలవుతుందని ఆశించడం కష్టం.

పేబ్యాక్ ఎందుకింత మభ్యపెట్టగలదో 1955లో మైరన్ గోర్డన్ చూపించిన ఒక సంగతితో బాగా తెలుస్తుంది. రాబడి ఏటా సమంగా ఉండి, పని ఆయుష్షు పేబ్యాక్ కన్నా చాలా ఎక్కువైతే, ఒకటిని పేబ్యాక్ కాలంతో భాగించగా వచ్చేది ఆ పెట్టుబడి ఇచ్చే వార్షిక రాబడి రేటుకు దగ్గరగా ఉంటుంది. సోలార్ పేబ్యాక్ ఐదేళ్లు, కాబట్టి ఐదింట ఒకటి, అంటే 20 శాతం. ఇన్వర్టర్ ఖర్చును పక్కన పెడితే అసలు రేటు 19.7 శాతం చిల్లర. దాదాపు సరిపోయింది. అదే సూత్రాన్ని సార్టెక్స్‌కు వాడితే 36 శాతం అని వస్తుంది. అసలు రేటు 12 శాతానికి కాస్త పైన మాత్రమే. మొదట్లో ఎక్కువ ఇచ్చి తొందరగా అయిపోయే పనికి పేబ్యాక్ మూడు రెట్ల రంగు పూసి చూపిస్తుంది. అనుభవజ్ఞులైన వ్యాపారులకు పేబ్యాక్ మీద నమ్మకం కుదరడానికి కారణం కూడా ఇందులోనే ఉంది. ఎన్నాళ్లయినా నడిచే, సమంగా ఇచ్చే ఆస్తులతోనే వ్యవహరించినంత కాలం అది వాళ్లను మోసం చేయలేదు. ఆయుష్షులు బాగా తేడాగా ఉన్న పనులను పక్కపక్కన పెట్టినప్పుడే దెబ్బ తగులుతుంది.

కాబట్టి ఒక పేబ్యాక్ సంఖ్యను నమ్మవచ్చో లేదో కనిపెట్టడానికి అడగాల్సినవి రెండే: అసలు తిరిగొచ్చాక ఆ పని ఇంకెన్నేళ్లు నడుస్తుంది, ఆ ఏళ్లలో రాబడి నిలబడుతుందా పడిపోతుందా. సార్టెక్స్ పేబ్యాక్ తర్వాత రెండేళ్ల పైచిలుకే బతుకుతుంది, అదీ నీరసపడుతూ. సోలార్ పేబ్యాక్ తర్వాత ఇరవై ఏళ్లుంటుంది.

అమెరికాలో ఈ గడువు అలవాటు ఎంత గట్టిదో చూపే అధ్యయనం ఒకటుంది. అక్కడి ఇంధన శాఖ కార్యక్రమం కింద విశ్వవిద్యాలయాల బృందాలు చిన్న, మధ్య తరహా కర్మాగారాలకు వెళ్లి, ఎక్కడ ఇంధనం ఆదా చేయవచ్చో ఉచితంగా చూసి చెబుతాయి. ఆ సిఫారసుల్లో ఎన్ని అమలయ్యాయో సోరెన్ ఆండర్సన్, రిచర్డ్ న్యూవెల్ లెక్క తీసి 2004లో ప్రచురించారు. సుమారు సగమే అమలయ్యాయి. అమలు చేసిన తీరునుబట్టి చూస్తే కర్మాగారాలు ఒకటి రెండేళ్లలో అసలు తిరిగిచ్చే పనులనే కోరుకుంటున్నాయని తేలింది. ఇది ఏటా 50 నుంచి 100 శాతం రాబడిని అడగడంతో సమానం. బ్యాంకు వడ్డీకి దీనికీ ఎక్కడా పొంతన లేదు. కొలిమి గోడలకు వేడి పోకుండా పూత వేయడం, పాత మోటారు మార్చడం లాంటి పనులు పేరుకు మెరవవు, కానీ ఏళ్ల తరబడి ఆదా ఇస్తూనే ఉంటాయి. పొట్టి గడువు పెట్టుకున్నప్పుడు ముందు రాలిపోయేవి ఇవే.

గడువు అవతలి ఏళ్లను చూడకపోతే నష్టపోయేది దూరపు రాబడి ఒక్కటే కాదు, దూరపు ఖర్చు కూడా కనబడదు. గనులు, క్వారీలు, రసాయన కర్మాగారాల్లో ఇది మరింత ప్రమాదం. ఒక క్వారీకి కోటి రూపాయలు పెట్టుబడి, ఐదేళ్ల పాటు ఏటా 40 లక్షల రాబడి, ఆరో ఏట గుంత పూడ్చి నేలను సరిచేసి అప్పగించడానికి కోటి పది లక్షల ఖర్చు అనుకుందాం. పేబ్యాక్ రెండున్నర ఏళ్లు. 12 శాతంతో డిస్కౌంట్ చేసినా మూడేళ్ల రెండు నెలల్లోపే. రెండు పరీక్షల్లోనూ సునాయాసంగా పాసవుతుంది. చివరి దాకా కూడితే నేటి విలువలో పదకొండున్నర లక్షల నష్టం. ఐదో ఏటికి మిగులులో ఉన్న ఖాతా, ఆరో ఏట మళ్లీ అప్పులోకి జారిపోయింది. అసలు ‘తిరిగొచ్చిన’ తేదీ మాత్రం పేబ్యాక్ పట్టికలో అలాగే ఉంటుంది. తెలంగాణలో సింగరేణి సహా దేశంలోని బొగ్గు గనులకు 2009లో కేంద్ర బొగ్గు మంత్రిత్వ శాఖ ఇచ్చిన మార్గదర్శకాలు, గని మూసివేత ఖర్చును ముందు నుంచే ఏటా ఎస్క్రో ఖాతాలో వేయాలని చెప్పాయి. చివరి ఏటి ఖర్చును మొదటి ఏళ్లకు పంచడం వల్ల అది నిర్ణయం తీసుకునే వేళ లెక్కలోకి రాక తప్పదు.

ఇంత జరిగాక పేబ్యాక్‌ను పారేయాలా? అవసరం లేదు, దాన్ని దాని పనికి వాడుకోవాలి. పేబ్యాక్‌ను పట్టుకుని వేలాడేవాళ్లు చెప్పే కారణాల్లో బలమైనది నగదు కొరత. మిల్లు 60 లక్షలను 12 శాతానికి ఐదేళ్ల అప్పుగా తెచ్చి, ఏటా సమానంగా తీర్చాలంటే వాయిదా 16.64 లక్షలు. సోలార్ ఇచ్చేది 12 లక్షలే. ఏటా 4.64 లక్షలు వేరే చోటు నుంచి తెచ్చి కట్టాలి. ధాన్యం కొనుగోళ్ల సీజన్‌లో ప్రతి రూపాయీ అవసరమైన మిల్లుకు ఇది చిన్న మాట కాదు. కానీ ఇది అప్పు గడువుకు సంబంధించిన చిక్కు, ప్రాజెక్టు మంచిచెడులకు సంబంధించినది కాదు. అదే అప్పు ఏడేళ్లకు సాగితే వాయిదా 13.15 లక్షలకు తగ్గుతుంది, కొరత లక్షా పదిహేను వేలే. పదేళ్లకు సాగితే వాయిదా 10.62 లక్షలు, ఏటా 1.38 లక్షలు మిగులుతాయి కూడా. లాభసాటి పనిని వదులుకునే ముందు, పేబ్యాక్‌కు తగిన గడువుతో అప్పు దొరుకుతుందేమో చూడాలి. ఎక్కడా దొరకని పక్షంలో మాత్రం సోలార్‌ను వాయిదా వేయడానికి అది నిజమైన కారణమే.

రెండో కారణం భవిష్యత్తు మీద అనుమానం. పదేళ్ల తర్వాత కరెంటు చార్జీ ఎంతుంటుందో, మిల్లే ఉంటుందో లేదో ఎవరికి తెలుసు? ఈ అనుమానాన్ని గడువు అనే కత్తెరకు అప్పగించే బదులు అంకెల్లో పెట్టి చూడవచ్చు. ఇక్కడే డిస్కౌంటెడ్ పేబ్యాక్ నిజంగా పనికొస్తుంది. సోలార్‌కు అది ఎనిమిదేళ్ల ఒక నెల. అంటే వడ్డీతో సహా నష్టం రాకుండా ఉండాలంటే ప్లాంటు కనీసం అన్నాళ్లు నడవాలి. ఇంకో రెండు నెలలు నడిస్తే సార్టెక్స్ జీవితమంతా ఇచ్చే 41 వేల మిగులును కూడా దాటేస్తుంది. దాంతో యజమాని ముందున్న ప్రశ్న మారిపోతుంది. ఇరవై ఐదేళ్ల భవిష్యత్తును ఊహించే పని లేదు. ఈ షెడ్డు, ఈ కప్పు, ఈ పలకలు తొమ్మిదేళ్లు నిలుస్తాయా అన్నది ఒక్కటే తేల్చుకోవాలి. రేకులు తుప్పు పట్టి మూడేళ్లలో మార్చాల్సి ఉంటే, లేదా షెడ్డు లీజు ఆరేళ్లలో ముగుస్తుంటే, సోలార్ వద్దనడానికి అది గట్టి ఆధారం.

ఆదా ఎంత తగ్గినా తట్టుకోగలదో కూడా ఇలాగే చూడాలి. మిల్లు ఏడాదంతా ఆడదు. ఖాళీ నెలల్లో తయారైన కరెంటును గ్రిడ్‌కు ఇచ్చినప్పుడు యూనిట్‌కు ఏడు రూపాయలు దక్కకపోవచ్చు. ఆదా 12 లక్షల నుంచి 9 లక్షలకు పడిపోయిందనుకుంటే డిస్కౌంటెడ్ పేబ్యాక్ దాదాపు పదిహేనేళ్లకు జరుగుతుంది, మొత్తం మిగులు 9.3 లక్షలకు తగ్గుతుంది. ఇంకా లాభమే, కానీ ఇప్పుడు ప్లాంటు తొమ్మిదేళ్లు కాదు, పదిహేనేళ్లు నడవాలి. ఏటి ఆదా 7.8 లక్షలకు పడితే లాభం పూర్తిగా పోతుంది. డబ్బు 12 శాతానికి కాక 18 శాతానికి దొరికితే? అప్పుడు సోలార్ మిగులు సుమారు 4.9 లక్షలకు కుంచించుకుపోతుంది, సార్టెక్స్ మాత్రం 6 లక్షల నష్టంలోకి వెళ్తుంది. దూరపు రాబడి ఎక్కువగా ఉన్న పనికి వడ్డీ దెబ్బ గట్టిగా తగిలింది. అయినా ఈ రెండిట్లో వరస తారుమారు కాలేదు.

దూరపు ఏళ్లను వదిలేసినా పెద్దగా తేడా రాని సందర్భాలూ ఉన్నాయి. మిల్లులో పాత బల్బుల స్థానంలో ఎల్‌ఈడీలు పెట్టి ఎనిమిది నెలల్లో ఖర్చు రాబట్టుకుంటే, దాని కోసం ఇరవై వరసల పట్టిక వేయనక్కర్లేదు. మొత్తమే చిన్నది, ఆలస్యం లేదు, చివర్లో దాగిన ఖర్చు లేదు, దానికి పోటీగా వదులుకుంటున్న పెద్ద పని కూడా లేదు. సాంకేతికత వేగంగా మారిపోయే చోట, రాజకీయ అస్థిరత వల్ల ఆస్తి చేజారే భయం ఉన్న దేశాల్లో, దూరపు అంకెల మీద నమ్మకం తక్కువగా ఉండటం సహజమే, అక్కడ త్వరగా అసలు తిరిగి రావడానికి విలువ ఎక్కువ. అలాంటి చోట కూడా ఆయుష్షును తగ్గించి వేసుకోవాలి, మూడేళ్ల తర్వాతి రాబడిని సున్నా అనుకోకూడదు. ప్లాంటు పన్నెండేళ్లే ఉంటుందనుకుని, ఇన్వర్టర్‌ను మార్చకుండానే మూసేస్తారనుకుని లెక్క వేసినా, సోలార్ నేటి విలువలో 14 లక్షలకు పైగా మిగిలిస్తుంది.